తిరిగి అడిగిన బయానా

మా వంశంలో అందరికంటే చిన్న వయసులో తోట కొన్నది మా మనవరాలే. మా నాన్న మొదటి తోటకు బయానా ఇచ్చేనాటికి ఆయనకు పదహారేళ్ళు. నాకు పద్దెనిమిది. పిల్ల తొమ్మిదో ఏటనే కొనేసింది. పదెకరాల బంగారు రసాల తోట, మధ్యలో నీళ్ళ చెరువు, కాపలాకు రెండు కుక్కలు, కాళ్ళున్న దిష్టిబొమ్మ ఒకటి. చాట్రాయి దాటాక లోపలికి వెళితే అటువంటి తోట ఉందని ఎవరైనా చెప్తే నేను బయానా పట్టుకుని బయలుదేరేవాణ్ణే. కానీ తోట ఉన్నది నా ఫోన్లో.

పద్దెనిమిది అన్నాను కదా, ఇరవైమూడు. మా నాన్న పదహారు మాట నాకు నిజంగా తెలీదు. ఆయన చెప్పిందే. ఆయన కూడా నా బాపతే.

మాది నూజివీడులో మామిడి వ్యాపారం. కాయ చేతికొచ్చాక కొనేవాడు కొంటాడు, మేం మాత్రం చెట్టు పూత మీద ఉండగానే తోట మొత్తం మాట్లాడుకుంటాం. రైతుకు కొంత సొమ్ము ముందుగా ఇస్తాం, అదే బయానా. ఆ తర్వాత గాలి వచ్చినా, పూత మాడినా, పిందె రాలినా ఆ సొమ్ము తిరిగి అడగం. అడిగినవాడికి మరుసటేడు ఎవరూ తోట ఇవ్వరు. నలభై ఏళ్ళలో నేను ఒక్క బయానా తిరిగి అడగలేదు. ఈ ఒక్క మాటలో మాత్రం కోతల్లేవు.

ఇవన్నీ ఎవరికి చెప్పేవాణ్ణి? వేసవి సెలవుల్లో నాతోపాటు మా మామిడి షెడ్డుకు వచ్చే మనవరాలికి. మా అమ్మాయి ఊళ్ళోనే ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది, పొద్దున వెళితే సాయంత్రానికి వస్తుంది. పిల్ల ఇంట్లో ఉంటే మా ఆవిడను మధ్యాహ్నం నిద్ర పోనివ్వదు. అంచేత నాతో షెడ్డుకు వచ్చి కాటా పక్కన తిరగేసిన ట్రే మీద కూర్చునేది. నేను వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ, మధ్యమధ్య దానికి వ్యాపారం నేర్పుతున్నానని అనుకునేవాణ్ణి. "తోట నచ్చిందా, ఆలోచిస్తూ కూర్చోకూడదమ్మా. నువ్వు గోళ్ళు గిల్లుకునేలోపు ఇంకొకడు బయానా చేతిలో పెట్టేస్తాడు." ఇది నేను రోజుకు మూడుసార్లయినా అన్న మాట. పిల్ల తల ఊపేది. ఎంత శ్రద్ధగా వింటోందో అని మురిసిపోయాను. విన్నది.

ఇప్పుడు తప్పు ఎక్కడ మొదలైందో చెప్పాలి. మామిడికాయ తొడిమ విరిస్తే సొన కారుతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. సీజను మొదలైన పది రోజులకు నా వేళ్ళ కొనలు పొరలు లేచిపోతాయి, నల్లబడతాయి, జిగురుగా ఉంటాయి. ముసునూరు నుంచి కాయ తెచ్చిన ఆటోవాడికి కిరాయి ఇవ్వాలన్నా, ట్రేలు ఎత్తిన ముఠావాళ్ళకు కూలి ఇవ్వాలన్నా ఇప్పుడు అంతా ఫోనే. నోటు ఇస్తే మొహం అదోలా పెడుతున్నారు. నా వేలిముద్ర చూసి ఫోను నన్ను గుర్తుపట్టదు. అద్దం మీద వేలు పెడితే అంటుకుంటుంది, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. ఆటోవాడు హారన్ కొడుతూ ఉంటాడు.

"ఇలా ఇవ్వు తాతయ్యా, నేను కొడతా," అంది ఒకరోజు.

ఇచ్చాను. డబ్బు పంపే పిన్ను ఆరంకెలు, మొదటి రోజు దాని చెవిలో చెప్పాను. రెండో రోజు మామూలుగా చెప్పాను. మూడో రోజు కాటా దగ్గర నుంచి కేకేశాను. నాలుగో రోజుకు చెప్పక్కర్లేకపోయింది.

"ఏంటి బావా, క్యాషియర్ని పెట్టుకున్నావు?" అన్నాడు పక్క షెడ్డు ఆసామి. నాకంటే రెండేళ్ళు చిన్న, వరసకు బావ, టీ ఎప్పుడూ నా ఖాతాలో తాగుతాడు.

"జీతం లేని క్యాషియరు. నీకెక్కడ దొరుకుతుంది?" అన్నాను.

పిల్ల ఖాళీ వేళల్లో అదే ఫోన్లో తోట ఆట ఆడుకునేది. మొక్క నాటడం, నీళ్ళు పెట్టడం, కాయ కోసి అమ్మడం. ఒకసారి నాకు చూపిస్తే, "కాయ పక్వానికి రాకుండా కోస్తున్నావు, ధర రాదు," అన్నాను. నిజంగానే రాలేదు. ఆ రోజు నుంచి ఆటలో నేను కూడా పెద్దమనిషినే.

ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆ ఆటలో బంగారు తోట అమ్మకానికి వచ్చింది. ధర నాలుగువేల తొమ్మిదివందలు. పైన గడియారం వెనక్కి తిరుగుతోంది, ఇంకో పది నిమిషాలు దాటితే తోట ఉండదట. పిల్ల గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేదు. వేలు పెట్టింది, పిన్ను కొట్టింది, తోట కొన్నది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

బుధవారం పొద్దున బ్యాంకు మెసేజీలు చూస్తుంటే నాలుగువేల తొమ్మిదివందలు పోయినట్టు కనిపించింది. ఆటోలది కాదు, ముఠాది కాదు. ఎవరికి వెళ్ళిందో ఇంగ్లీషులో ఏదో పేరుంది, నాకు అంతుబట్టలేదు. మర్యాదస్తుడైతే ఇంటికి వెళ్ళి కూతురికి చూపించేవాడు. నేను టీకొట్టు దగ్గరికి వెళ్ళాను.

"బావా, నా అకౌంటు మీద దొంగ పడ్డాడు," అన్నాను.

"ఎంత పోయింది?"

నాలుగువేల తొమ్మిదివందలు అంటే ఎవడు వింటాడు? ఆ పొద్దున ఆ కొట్టు దగ్గర ఒకాయన తన తోటలో గాలికి రాలిన కాయ గురించి చెప్తున్నాడు, అందరూ అటే తిరిగి ఉన్నారు. "యాభైవేలు," అన్నాను. అందరూ ఇటు తిరిగారు. పది గంటలకు షెడ్డులో చెప్పేటప్పుడు డెబ్భై అయింది. మధ్యాహ్నానికి లక్ష. దొంగ కూడా పెరుగుతూ వచ్చాడు. మొదట ఒకడే, తర్వాత ముఠా, ఎక్కడో దేశం చివర గదిలో కూర్చుని నూజివీడు వ్యాపారుల ఫోన్లు ఒక్కొక్కటే తెరుస్తున్న పాతికమంది కుర్రాళ్ళు.

పిల్ల ట్రే మీదే కూర్చుని ఉంది. నేను చెప్పిన ప్రతిసారీ వింది.

"తాతయ్యా, దొంగ దొరికితే ఏం చేస్తారు?" అని అడిగింది మధ్యలో.

కథలో ఉన్నవాణ్ణి, ప్రశ్న ఎవరు అడుగుతున్నారో చూడలేదు. "సంకెళ్ళు వేసి ఊరంతా నడిపిస్తారు. పొట్టిశ్రీరాములు బొమ్మ దగ్గర్నుంచి బస్టాండు దాకా," అన్నాను. మా ఊళ్ళో అలా ఎవర్నీ నడిపించగా నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం పిల్ల క్యారియరు విప్పలేదు. రసం పండు పిండి పెట్టినా పెరుగన్నం ముట్టలేదు. ఎండ దెబ్బ అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కథ నాకంటే ముందే చేరింది. మా అమ్మాయి గుమ్మంలోనే అడిగింది.

"లక్ష పోయిందా నాన్నా? ఫోను ఇలా ఇవ్వు. సైబర్ హెల్ప్‌లైన్‌కి వెంటనే చెప్పాలి, బ్యాంకుకి చెప్పి అకౌంటు ఆపించాలి."

అప్పుడు నాకు భయమేసింది. అకౌంటు ఆగితే సీజను నడుమ ముఠాకు కూలి ఆగుతుంది. అంతకంటే ఫోను దాని చేతికిస్తే లక్ష కాస్తా నాలుగువేల తొమ్మిదివందలకు దిగుతుంది. రెండోదానికే ఎక్కువ భయపడ్డాననాలి. ఫోను లాల్చీ జేబులో ఉండగానే, "షెడ్డులో చార్జింగుకు పెట్టి మరిచిపోయానమ్మా, రేపు చూద్దాం," అన్నాను.

"లక్ష పోయినవాడు ఫోను మరిచిపోతాడా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఆవిడకు నాతో ముప్ఫై ఏడేళ్ళ అనుభవం.

పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. "పోలీసులు ఇంటికి వస్తారా అమ్మా?" అంటే, "రానీ, మంచిదేగా," అంది తల్లి. పిల్ల అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున షెడ్డులో నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు పిల్ల నా ముందుకొచ్చి స్టీలు డబ్బా ఒకటి కాటా మీద పెట్టింది. పండక్కీ పబ్బానికీ చుట్టాలు చేతిలో పెట్టినవి, నేను చిల్లర లేదని చెప్పి దాని దగ్గర తీసుకుని తిరిగి ఇచ్చినవి, అన్నీ అందులో ఉన్నాయి. కాటా అర కేజీ దగ్గర ఆగింది.

"ఏంటమ్మా ఇది?"

"దొంగ డబ్బులు తిరిగి ఇచ్చేస్తే సంకెళ్ళు వెయ్యరు కదా తాతయ్యా?"

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అది ఏడవలేదు. నా మొహం వంక చూడకుండా కాటా ముల్లు వంక చూస్తూ చెప్పింది. తోట కొన్నది తనే. నాలుగువేల తొమ్మిదివందలు ఒకసారి. అంతకు ముందు వారం నీళ్ళ మోటారు కోసం నాలుగువందల నలభైతొమ్మిది ఇంకోసారి. "లక్ష నేను తియ్యలేదు తాతయ్యా. ఒట్టు. మిగతాది ఇంకెవరో తీశారు."

నిన్నటి నుంచి ఆ పిల్ల లక్షలో తన వంతు ఎంతో లెక్క కట్టుకుంటోంది. మిగతా తొంభై ఐదువేలూ నావి.

నేను ట్రే మీద కూర్చున్నాను. "ఇంకెవరూ తియ్యలేదమ్మా. లక్ష పోలేదు. నేను పెంచాను."

"ఎందుకు?"

ఈ ప్రశ్న మా ఆవిడ కూడా నన్ను ఎప్పుడూ ఇంత నెమ్మదిగా అడగలేదు. "నువ్వు దొంగవి కావు," అన్నాను. "నేను చెప్పిన పిన్ను, నేను చెప్పిన పద్ధతి. అడగకుండా కొనడం తప్పే. దొంగతనం కాదు."

"మరి అందరికీ దొంగ అని చెప్పావుగా."

చెప్పాను. ఆ దొంగను వెనక్కి పిలవాల్సింది నేనే.

మా అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎప్పుడు కొంది?" అంది.

"మంగళవారం మూడింటికి."

"ఇవాళ మూడు దాటితే నలభై ఎనిమిది గంటలు అయిపోతాయి నాన్నా. అందాక అయితే ఫోన్లో ఆటలు అమ్మే యాప్ స్టోర్ వాళ్ళనే నేరుగా అడగచ్చు. దాటితే ఆట తయారు చేసినవాళ్ళ కాళ్ళు పట్టుకోమంటారు. నిన్న సాయంత్రం ఫోను ఇచ్చి ఉంటే తీరిగ్గా చేసేవాళ్ళం." తర్వాత ఒక మాట అంది, అది ఇక్కడ రాయను. పర్మిషన్ అడిగి ఒంటిగంటకు స్కూటీ మీద షెడ్డుకు వచ్చింది.

వస్తూనే పిల్లను దగ్గరికి లాక్కుంది, తిట్టలేదు. తిట్లన్నీ నా కోసం దాచింది. నా ఫోన్లో నేనెప్పుడూ తెరవని మెయిలు తెరిచింది. అందులో రెండు రసీదులు తీరిగ్గా కూర్చుని ఉన్నాయి, ఆట పేరు, వస్తువు పేరు, ధర, ఆర్డరు నంబరుతో సహా. పాతికమంది కుర్రాళ్ళ ముఠా ఆచూకీ మొత్తం నా జేబులోనే ఉంది. ఆ తర్వాత స్టోర్ వాళ్ళ రీఫండ్ పేజీ తెరిచి, నా అకౌంటుతో లోపలికి వెళ్ళి, బంగారు తోట ఆర్డరు మీద నొక్కింది. ఎందుకు తిరిగి అడుగుతున్నారో ఎంచుకోమంది. పొరపాటున కొన్నాను, ఇంట్లోవాళ్ళు అనుమతి లేకుండా కొన్నారు, ఈ చెల్లింపు ఎవరిదో నాకు తెలీదు, ఇలా కొన్ని ఉన్నాయి.

"ఎవరిదో తెలీదు అని పెట్టమ్మా," అన్నాను. "పిల్ల ఊసు ఎక్కడా రాకుండా పోతుంది."

"అది అబద్ధం. అలా పెడితే మోసం జరిగిందని ఎంక్వయిరీ చేస్తారు. ఇక్కడ మోసగాడు ఎవరని చూపిస్తావు? ఇంకో పాతికమందిని పుట్టిస్తావా?"

పిల్ల తల్లి మోచేయి కింద నుంచి తొంగి చూసింది. "నా పేరు రాయాలా?"

"పేరు అడగరు. ఇంట్లో పిల్ల అంటే చాలు."

కింద వివరం రాసే పెట్టె ఉంది. నేను చెప్తాను రాయమన్నాను. "ధర్మప్రభువులైన స్టోర్ యాజమాన్యం వారికి, నలభై ఏళ్ళుగా మామిడి వ్యాపారంలో ఒక్క మాట తప్పని..." అనేసరికి మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, ఇది ఫారం. నీ మీద హరికథ కాదు. ఇంకోటి విను. అకౌంటు వివరాలు ఇంకొకరికి చెప్పి ఉంటే మామూలుగా డబ్బు వెనక్కి ఇవ్వరని వీళ్ళ రూల్సులో ఉంది. పిన్ను నువ్వే చెప్పావు. అది రాయాలా వద్దా?"

గడియారం ఒకటీ నలభై. రాయకపోతే సొమ్ము వచ్చే అవకాశం ఎక్కువ. పిల్ల నా వంకే చూస్తోంది. అది అడిగిన "ఎందుకు" అనే ప్రశ్న ఇంకా కాటా మీదే ఉంది.

"రాయి," అన్నాను.

మూడు వాక్యాలు రాసింది. తొమ్మిదేళ్ళ మనవరాలు నా అనుమతి లేకుండా కొన్నది. కూలీలకు డబ్బు పంపడం కోసం పిన్ను దానికి నేనే చెప్పాను, తప్పు నాది. ఇకమీదట కొనకుండా కట్టుదిట్టం చేస్తున్నాం. నా జీవితంలో నా పేరు మీద వెళ్ళిన అతి చిన్న కథ అదే.

పంపబోతుంటే పిల్ల ఆపింది. "బయానా తిరిగి అడగకూడదు అన్నావుగా తాతయ్యా? అడిగితే మళ్ళీ తోట ఇవ్వరన్నావు."

అంతవరకూ నన్ను వెనక్కి లాగుతున్నది కూడా అదే. ఫారం నింపుతున్నంతసేపూ ఎవరో రైతు అరుగు మీద నేను నిలబడి చెయ్యి చాచినట్టే ఉంది. కానీ పిల్ల నోట వినగానే జవాబు దానంతటదే వచ్చింది. "పెద్దవాళ్ళ మధ్య బయానా అమ్మా అది. మైనరు చేత వేలిముద్ర వేయించుకున్న కాగితం మా బజార్లో చెల్లదు. పిల్లల చేతిలోంచి బయానా తీసుకున్నవాడే సిగ్గుపడాలి. ఎవరైనా తొమ్మిదేళ్ళ పిల్ల నాకు బయానా తెస్తే, నేను వాళ్ళ తాతను వెతుక్కుంటూ వెళతాను."

"నిజంగానా?"

"ఇది నిజంగా."

రెండు గంటలకు పంపాం. మోటారు ఆర్డరుకు కూడా విడిగా పంపాం. అది వారం కిందటిది, రాదని మా అమ్మాయి ముందే చెప్పింది.

కాయితం పని అయ్యాక తలుపులు బిగించే పని మొదలైంది. స్టోర్ యాప్ తెరిచి పైన ఉన్న బొమ్మ మీద నొక్కి, సెట్టింగులలోకి వెళ్ళి, ఏది కొన్నా ప్రతిసారీ కొంటున్నది ఎవరో రుజువు అడిగేలా పెట్టింది. "ఇకనుంచి నీ వేలిముద్ర పడితేగానీ కొనడానికి వీల్లేదు నాన్నా," అంది.

పిల్ల తన చూపుడువేలి వంక చూసుకుంది. తర్వాత, "అమ్మా, నా వేలు కూడా పడుతుంది," అంది.

"అదేంటి?"

నా వేళ్ళు సొనకు పొరలు లేచిపోయాయని, ఫోను తెరవడానికి ఆ నెల మొదట్లో దాని చూపుడువేలు కూడా ఎక్కించాను. నేను మరిచిపోయాను. బంగారు తోట కొన్నప్పుడు ఫోను తెరిచిందీ ఆ వేలితోనే. చెప్పకపోతే మా ఇద్దరికీ తెలిసేదే కాదు. రేపు ఇంకో తోట వచ్చినా దానికి దారి ఉండేది.

మా అమ్మాయి పిల్ల చూపుడువేలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత దాన్ని ఫోన్లోంచి తీసేసింది. నా వేళ్ళు ఎలాగూ పనికిరావు కాబట్టి స్టోర్‌కు పాస్‌వర్డే అడిగేలా పెట్టింది. స్టోర్‌లో చెల్లింపుకు నా బ్యాంకు దారి కలిపి ఉంటే అది తీసేసింది. బ్యాంకు పిన్ను మార్చమని నా డెబిట్ కార్డు తెమ్మంది. కార్డు మీది అంకెలు కొట్టి, ఓటీపీ వచ్చాక కొత్త పిన్ను కొట్టేటప్పుడు పిల్లా తల్లీ ఇద్దరూ అటు తిరిగారు. నేను అంకెలు పైకి చదువుకుంటూ కొట్టాను. ఇద్దరూ ఒక్కసారి ఇటు తిరిగారు. మళ్ళీ మార్చాం.

ఆట మానిపించమని మా ఆవిడ సలహా. మా అమ్మాయి మానిపించలేదు. ఇంట్లో పాత టాబ్ ఒకటి ఉంటే అందులో పిల్ల పేరుతో పిల్లల అకౌంటు తెరిచి, తన కుటుంబం గ్రూపులో కలిపింది. ఇప్పుడు అందులో పిల్ల ఏది కొనబోయినా ముందు తల్లి ఫోనుకు అనుమతి అడుగుతూ మెసేజీ వస్తుంది. తల్లి సరే అంటేనే. ఇంకో పెద్దవాళ్ళకు కూడా ఆ అధికారం ఇవ్వచ్చట. నాకు ఇమ్మన్నాను.

"నీకా? అది అడగకముందే సరే అంటావు."

కాదనలేదు.

శుక్రవారం మెయిలు వచ్చింది. బంగారు తోట సొమ్ము వెనక్కి ఇస్తున్నారు, బ్యాంకులో పడడానికి కొన్ని పనిరోజులు పడుతుంది. శనివారానికే పడింది. ఆ మూడు వాక్యాలు చదివి ఇచ్చారో, చదవకుండానే ఇచ్చారో నాకు తెలీదు. ఎవరో చదివి జాలిపడ్డారని చెప్పుకోవాలని ఉంది, చెప్పను. మోటారుకు మాత్రం కుదరదన్నారు, ఆటవాళ్ళను అడగమన్నారు. వాళ్ళకు రాస్తే, వస్తువు వాడేశారు కనుక వీలుకాదని నాలుగు రోజుల తర్వాత మర్యాదగా జవాబిచ్చారు. పోనీలెమ్మన్నాను. పూత మాడిన తోటలు ఇంతకంటే ఎక్కువే తిన్నాయి.

సొమ్ము వచ్చింది కాబట్టి ఆటలోంచి తోట పోయింది. పిల్ల చూసి, "నేను కోసిన కాయలు కూడా తీసుకెళ్ళారు తాతయ్యా," అంది. కుక్కలు కూడా పోయాయట. కాసేపు ఇద్దరం ఆ ఖాళీ పొలం వంక చూస్తూ కూర్చున్నాం. నేను ధైర్యం చెప్పడానికి ఏదో గొప్ప తోట కథ ఎత్తుకోబోయి మానుకున్నాను.

ఇక దొంగ మిగిలాడు. సోమవారం పొద్దున టీకొట్టు దగ్గర బావ నలుగురిలో నన్ను చూడగానే, "ఏంటి బావా, దొరికాడా ఆ లక్ష వెధవ?" అన్నాడు. పిల్ల నా చెయ్యి వదిలేసి వెనక్కి జరిగింది.

"వెధవ అనకు. దొంగ లేడు, లక్షా లేదు," అన్నాను. "పోయింది అయిదువేల మూడువందల నలభైతొమ్మిది. అందులో నాలుగువేల తొమ్మిదివందలు తిరిగొచ్చింది. పిన్ను పిల్లకు నేనే ఇచ్చాను, నా మాట విని అది ఆటలో ఒక తోట కొంది. తప్పని తెలిసి దానంతటదే వచ్చి చెప్పింది. మిగతాదంతా నేను కట్టిన కోటలు."

నలుగురూ నవ్వారు. నవ్వనీ! మొన్న చెప్పినప్పుడు విన్నవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఇదే చెప్పాను, పిల్ల పక్కనే ఉంది. మూడో షెడ్డు దగ్గర అంకె నేను మరిచిపోతే అదే అందించింది. నాలుగో చోట నా చెయ్యి మళ్ళీ పట్టుకుంది.

మేం తిరిగి వచ్చేసరికి బావ మా షెడ్డులో నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా మనవడు కూడా ఆటలో ఏవో తుపాకులు కొన్నాడు బావా. పోయినేడు. నేను ఎవరికీ చెప్పలేదు, వాడి వీపు మాత్రం పగలగొట్టాను." కాసేపు సొన మరకల చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "కొట్టకుండా ఉండాల్సింది."

నేను కూర్చోమని ట్రే ఒకటి జరిపాను. మందలించడానికి నాకున్న అర్హత ఏపాటిదో ఇద్దరికీ తెలుసు.

అతను ఫోను తీసి నాకివ్వలేదు, పిల్లకిచ్చాడు. "క్యాషియరమ్మా, మీ అమ్మ ఏదో పెట్టిందటగా, అడిగితేగానీ కొననివ్వకుండా. నాకూ పెట్టిపెట్టు."

పిల్ల ఆ ఫోను తీసుకోవాలా వద్దా అని నా వంక చూసింది. తీసుకోమని తల ఊపాను. లంగా సర్దుకుని ట్రే మీద కూర్చుంది. పైన బొమ్మ మీద నొక్కింది, సెట్టింగులలోకి వెళ్ళింది. "ఇందులో ఇంకెవరి వేళ్ళయినా ఎక్కించారా తాతగారూ?" అని డాక్టరులా అడిగింది. "మావాడిది ఉంది," అంటే, "అది ముందు తీసెయ్యాలి. ఇదిగో ఇక్కడ మీ పాస్‌వర్డ్ అడుగుతోంది, మీరే కొట్టుకోండి," అని ఫోను చాచింది.

"నా చేతులు చూడు ఎలా ఉన్నాయో. నేను చెప్తా, నువ్వు కొట్టెయ్యమ్మా. మా ఇంటిపేరు, దాని తర్వాత..."

"చెప్పకండి తాతగారూ!" అని అరిచి పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. కాయ ఏరుతున్న వాళ్ళందరూ తలెత్తి చూశారు. "చెయ్యి కడుక్కుని రండి. నేనెక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉంటా."

బావ నా వంక చూశాడు. నేను బకెట్టు వైపు చూపించాను.